గేటుగేటుకూ పలకరింపు

మొన్న కోస్గి బస్టాండులో పాలమూరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. హోటలు ముందు బెంచీ కింద ఒక గోధుమరంగు కుక్క ముడుచుకొని పడుకుంది. చేతిలో టిఫిన్ డబ్బాతో అటుగా పోతున్న ఒకాయన దాని దగ్గర ఆగాడు. కొంచెం పక్కకు తిరిగి, దాని ముఖంలోకి చూడకుండానే, "ఏం పటేలా, తిన్నవా?" అన్నాడు. కుక్క తల ఎత్తలేదు గాని తోకతో నేలను కొట్టింది. ఆయన తన దారిన తాను పోయాడు.

గబగబా వెనకే పోయి ఆ మనిషి ముఖం చూసి వచ్చాను. ఎవరో వేరే మనిషి, మీసాలున్నాయి, వయసు కూడా తక్కువే. చూడకపోతే మాత్రం బస్సెక్కేదాన్ని కాదు. మట్టి చేసిన మనిషిని, నేను కూడా పిడికెడు మన్ను వేసి వచ్చిన మనిషిని బస్టాండులో వెతకడం ఏం తెలివి అంటారా? తెలివి కాదని నాకూ తెలుసు. మా వీధి కండక్టర్ సారు పోయినప్పటి నుంచి ఇట్లాగే ఉంది నా బతుకు. ఎవరైనా ఒక కుక్కతో మాట్లాడితే చాలు, మెడ తిరిగిపోతుంది.

మా కాలనీ పాలమూరు ఊరి చివర, గుట్ట కింద ఉంటుంది. తెలంగాణ వచ్చిన తర్వాత ప్లాట్లు కొనుక్కొని ఇళ్లు కట్టుకున్నవాళ్లమే అందరం. నేను ఆత్మకూరు నుంచి వచ్చాను, పక్కింటివాళ్లు అమ్రాబాద్ వైపు నుంచి, ఎదురింటివాళ్లు ఇంకెక్కడి నుంచో. గృహప్రవేశం రోజు పిలిచి భోజనం పెడతాం, ఆ తర్వాత గేట్లు వేసుకుంటాం. ఆ గేట్ల మధ్యకు ఆయన వచ్చాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కరోనాలో భార్య పోయింది, పిల్లలు లేరు. మా వీధి చివరి ఇంట్లో కిరాయికి దిగాడు. అందరూ కండక్టర్ సారు అనేవారు. ఆయన బతుకు గురించి నాకు తెలిసింది ఇంతే. ఆయన పొద్దుటి నడక గురించి అడగండి, పొద్దు గుంకేదాకా చెబుతాను.

సన్నటి మనిషి. ఎప్పుడూ వెలిసిపోయిన ఖాకీ ప్యాంటు, పైన తెల్ల బనీనో చొక్కానో. నిలబడితే కాళ్లు ఎడంగా పెట్టేవాడు, కదలని సిమెంటు రోడ్డు మీద కూడా బస్సు కుదుపుకు సిద్ధంగా ఉన్నట్టు. మాట్లాడేటప్పుడు చెయ్యి పైకి పోయి లేని కడ్డీని వెతికేది. అది చూసి నాకు నవ్వొచ్చేది. ఆయన చూసి, "అలవాటు మేడం, ఇంట్ల గూడ గిట్లనే నిలవడ్త" అనేవాడు.

నాకు షుగర్ వచ్చిందని డాక్టరు రోజూ నడవమన్నాడు. నాకేమో కుక్కలంటే హడల్. చిన్నప్పుడు ఆత్మకూరులో ఒకటి కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు వేయించుకున్న దాన్ని. అందుకని చేతిలో కర్ర పట్టుకొని, ప్రతి కుక్క కళ్లల్లోకీ గుడ్లురిమి చూస్తూ నడిచేదాన్ని. చూపు తిప్పితే మీద పడతాయని నా నమ్మకం. ఒక పొద్దున నల్ల కుక్క ఒకటి నాకు అడ్డం నిలబడి పళ్లు బయటపెట్టింది. మెడ మీది వెంట్రుకలు లేచి ఉన్నాయి. నేను కర్ర పైకెత్తాను. అది గుర్రుమంది. అప్పుడు వెనక నుంచి నిదానమైన గొంతు వినపడింది.

"మేడం, కట్టె కిందికి వట్టుకోండ్రి. దాని మొఖం చూడకుండ్రి. కండ్లల్ల కండ్లు వెడ్తే కొట్లాటకు పిలిచినట్టు దానికి. జర పక్కకు తిరుగుండ్రి. ఉరుకకుండ్రి, ఉరికితే ఎంబడి వడ్తది."

ఆయన నా పక్కకు వచ్చి, కుక్కకు భుజం చూపిస్తూ నిలబడ్డాడు. గుట్ట వైపు చూస్తూ, ఎవరితోనో మాట్లాడినట్టు, "ఏం పటేలా, పొద్దుగాల్నే ఎందుకు గుస్స అయితున్నవు? తిన్నవా? మేడం మనోళ్లే" అన్నాడు. చెయ్యి కిందికి వేలాడేసి పిడికిలి మూశాడు. కుక్క నేరుగా రాలేదు. వంపు తిరిగి, పక్క నుంచి వచ్చి, ఆ పిడికిలిని వాసన చూసింది. చూడనిచ్చాడు, తొందరపడలేదు. దాని మెడ వెంట్రుకలు దిగాక, చెవులు వెనక్కి వాలాక, అప్పుడు గడ్డం కింద గోకాడు.

"నెత్తి మీద ఎందుకు నిమరరు?" అని అడిగాను.

"పైనుంచి వచ్చే చెయ్యి కొట్టనీకి వస్తుందనుకుంటది మేడం. బతుకంత అదే జూసింది గదా."

నా కర్ర ఆ తర్వాత ఇంట్లోనే ఉండిపోయింది. ఆయన వెనక కొంచెం ఎడంగా నడవడం మొదలుపెట్టాను. ఆయన వెనక నేనెందుకు నడుస్తున్నానా అని చూసేవాళ్లు చూశారు. నాకు లెక్క లేదు.

ఆయన పలకరింపులు అందరికీ ఒకటి కావు. పడుకున్న కుక్క అయితే దూరం నుంచే గొంతు వినిపించేవాడు. నిద్రలో మీదికి పోతే ఉలిక్కిపడి కరుస్తుందట. పిల్లల్ని పెట్టిన తల్లి అయితే రోడ్డుకు అవతలి పక్కకు మారి, అక్కడి నుంచే "అందరు మంచిగున్నరా?" అని అడిగి ఆగకుండా పోయేవాడు. గొలుసుకు కట్టేసిన పెద్ద కుక్క ఉన్న ఇంటి ముందు దాని పేరు కూడా ఎత్తేవాడు కాదు. "గొలుసు మీద ఉన్నోడు డ్యూటీల ఉన్నట్టు. పారిపోనీకి జాగా లేనోడు ముందుగాల కరుస్తడు" అనేవాడు. కుక్క ఆవలిస్తే, మూతి నాక్కుంటే ఇక ఆపేసేవాడు. దానికి ఇబ్బందిగా ఉందని, ఈ రోజుకు చాలు అంటున్నదని అర్థమట. మనుషుల్లో ఇంత మర్యాద తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకైతే అనుమానమే. మా పెద్దాడపడుచు ఫోన్లో మాట్లాడుతుంటే నేను ఎన్నిసార్లు ఆవలించానో, ఒక్కసారీ ఆపలేదు.

తిండి మాత్రం పెట్టేవాడు కాదు. ఖాళీ చేతులతోనే పోయేవాడు. ఒకరోజు అడిగేశాను. ఏమీ పెట్టకుండా ఊరికే తిన్నవా, తిన్నవా అని అడిగితే వాటికేం లాభం అని.

"పెట్టెటోళ్లు మస్తుమంది ఉన్నరు మేడం. పెడ్తే తిండి కోసం వస్తయి. తిండి ఇంకొకరు పెడ్తే అటు పోతయి. నాకు అట్ల వద్దు. నేను రాకపోతే, నేను రాలేదని తెలువాలె."

ఎవరికి తెలియాలి అన్నాను. ఆయన నడక ఆపాడు. చెయ్యి పైకి పోయి లేని కడ్డీని వెతికి కిందికి దిగింది. వాళ్ల డిపోలో ఇంకో కండక్టరు ఉండేవాడట. ఆయన కూడా ఒంటరివాడే. నల్గొండలో ఒక గది కిరాయికి తీసుకొని ఉండేవాడు. గదిలోనే పోయాడు. డ్యూటీకి రాకపోతే సెలవు పెట్టాడనుకున్నారు, గది కిరాయికిచ్చినవాళ్లు డ్యూటీకి పోయాడనుకున్నారు. చివరికి వాసన వచ్చి తలుపు పగలగొట్టారు. మోసుకొచ్చినవాళ్లలో ఈయన ఒకడు.

"చచ్చుడు ఎట్లన్న చస్తం. దానికి భయం లేదు. గట్ల పడి ఉండుడే వద్దు మేడం. నేను రాకపోతే ఆ పొద్దే ఎవరన్న ఒకరు రావాలె. గంతే నా ఆశ."

"అయితే మనుషుల్నే పలకరించొచ్చు కదా?"

"పలకరిస్తనే ఉన్న. కానీ మనిషి ఏమనుకుంటడు? 'కండక్టర్ కనవడ్తలేడు, ఊరికి పోయిండేమో' అనుకుంటడు. కుక్క గట్ల అనుకోదు. రాలేదంటే రాలేదు. వచ్చి గేటు కాడ కూసుంటది."

ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "నువ్వు దినాం ఆయన ఎంబడి పోతవు గదా, నీకు తెలుస్తది, ఫికర్ లేదు" అన్నాడు. నాకూ అదే ధైర్యం.

ఆయన పుణ్యాన మా వీధి మారిన సంగతి కూడా చెప్పాలి. తెల్ల పమేరియన్ స్నోవీ ఉన్న ఇంటావిడ ఎవరితోనూ కలిసేది కాదు. ఆయన రోజూ గేటు ఊచల సందులోంచి స్నోవీని పలకరించేవాడు. ఒకరోజు, "కుడి కాలు ఎందుకు కింద వెడ్తలేవు బిడ్డా?" అన్నాడు. ఆవిడ లోపలి నుంచి చీపురుతోనే పరుగెత్తుకొచ్చింది. కాలిగోళ్ల మధ్య పల్లేరుకాయ దిగి ఉంది. ఆ రోజు నుంచి ఆవిడ పొద్దునపూట గేటు దగ్గరే ఉండేది. మేమందరం ఆవిడను స్నోవీ వాళ్లమ్మ అనేవాళ్లం. ఎవరినీ బాగున్నారా అని అడగని మనుషులు కూడా "మీ స్నోవీ బాగున్నదా?" అని అడగడం నేర్చుకున్నారు. మనిషిని అడిగితే ఎందుకు అడుగుతున్నారో అని అనుమానం వస్తుంది, కుక్కను అడిగితే రాదు. ఆవిడ కూడా కుక్క సంగతితో మొదలుపెట్టి తన మోకాళ్ల నొప్పి దాకా వచ్చేది.

నన్ను అడ్డగించిన నల్ల కుక్కకు ఒక ఇంట్లో కర్రెగాడు, ఇంకో ఇంట్లో టైగర్, స్నోవీ వాళ్లమ్మ దగ్గర రాజు. ఏ పేరుతో పిలిచినా పలికేది. స్నోవీ వాళ్లమ్మకూ, ఎదురింటి గుడి కమిటీ పెద్దమనిషికీ మోరీ కాలువ నీళ్ల దగ్గర గొడవై మాటలు లేవు. ఆ నల్ల కుక్క ఇద్దరి గేట్ల మధ్య పడుకునేది. పొద్దున నల్లా నీళ్లు వచ్చాయంటే ఆవిడ కుక్క వైపు తిరిగి గట్టిగా, "రాజూ, నల్లా వచ్చిందని మీ తాతకు చెప్పు, మళ్ల బందయినంక మొత్తుకుంటడు" అనేది. పెద్దమనిషి లోపలి నుంచి, "టైగర్, నాకు చెవులున్నయని చెప్పురా" అని జవాబిచ్చేవాడు. మన ఇళ్లల్లో మాటలు లేని తోడికోడళ్లు చంటిపిల్లల్ని అడ్డం పెట్టుకొని మాట్లాడుకుంటారు కదా, అట్లాగే. పంతం చెడేది కాదు, కబురు ఆగేది కాదు. కుక్క మాత్రం ఇద్దరి మాటలకూ తోక ఊపేది.

ఇక గుట్ట మీది గుడి ఆవు. ఎవరో మొక్కు తీర్చుకొని గుడికి వదిలిన ఆవు అది. పొద్దున గుట్ట దిగి కాలనీలోకి వస్తుంది, ఇంటింటి ముందు ఆగి కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం తిని, ఎండ ముదిరే వేళకు మళ్లీ గుట్ట ఎక్కుతుంది. అది ఎదురైతే అందరం వెనక భాగాన్ని తాకి కళ్లకు అద్దుకునేవాళ్లం. చెప్పొద్దూ, అట్లా తాకినప్పుడల్లా అది తోకతో విదిలించేది. ఆయన వెనక నుంచి పోయేవాడు కాదు. దాని కంటికి కనపడేలా భుజం పక్క నుంచి పోయి, "అక్కా, మంచిగున్నవా? గుట్ట మీద చలి ఉన్నదా?" అని అడిగేవాడు. మెడ కింద వేలాడే గంగడోలును గోకుతుంటే ఆవు మెడ చాచి కళ్లు అరమోడ్చేది. చెవుల లోపల పట్టి రక్తం పీల్చే గోమార్లను ఏరేసి చెప్పుతో నలిపేసేవాడు. ఆయన గొంతు వినపడితే చాలు, మా ఇంటి ముందు తింటున్న ఆవు కూడా తల ఎత్తేది.

ఒకసారి గుడి కమిటీ పెద్దమనిషి ఆపాడు. కండక్టర్ సారు ఆదివారాలు చర్చికి పోతాడని ఆయనకు తెలుసు.

"దినాం ఆవును ముట్టుకుంటవు, ఒక్కనాడన్న దండం వెట్టవేందయ్యా?" అన్నాడు.

"మీరు మొక్కుతున్నరు గద సారూ. మొక్కెటోళ్లకు తక్కువ లేదు. నేను మాట్లాడ్త. మొక్కుడు వేరే, మాట్లాడుడు వేరే."

"మాట్లాడితే ఏం చెప్తది నీకు?"

"ఏడ దురద వెడ్తుందో చెప్తది."

పెద్దమనిషి నవ్వేశాడు. ఆ నవ్వులో కొంచెం కోపం ఉంది. ఆ తర్వాత మాత్రం ఆయన్ని ఎప్పుడూ ఆపలేదు. ఒకరోజు పక్కన ఎవరూ లేరనుకొని, ఆ పెద్దమనిషే ఆవు గంగడోలు గోకుతుంటే నేను చూశాను. చూడనట్టు వచ్చేశాను.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తల్లో ఒక పొద్దున వాన పడింది. వాన ఆగేదాకా ఆగి, నేను ఆలస్యంగా బయలుదేరాను. ఇవాళ కండక్టర్ సారు నడక అయిపోయి ఉంటుందిలే అనుకున్నాను. వీధి చివర గుంపు కనపడింది. గంట వాయిస్తున్న చప్పుడు. దగ్గరికి పోతే, ఆయన ఇంటి గేటు ముందు గుడి ఆవు నిలబడి ఉంది. తల గేటు ఊచలకు ఆనించి ఉంది. నల్ల కుక్క గేటు కింద బోర్లా పడుకొని లోపలికి చూస్తోంది. ఎవరు అదిలించినా లేవడం లేదు.

ఆవు తెల్లవారిన కొద్దిసేపటికే వచ్చిందట. వచ్చి అక్కడే నిలబడి అరుస్తోందట. ఎవరూ వెళ్లగొట్టలేదు, ఎందుకు వెళ్లగొడతారు? గోమాత ఒక ఇంటి ముందు కదలకుండా నిలబడితే ఆ ఇంటికి మంచి జరుగుతుందని మా అందరికీ నమ్మకం. స్నోవీ వాళ్లమ్మ పసుపు, కుంకుమ తెచ్చింది. ఇంకెవరో అరటిపళ్లు తెచ్చారు. ఆవు పళ్లు ముట్టలేదు. కొమ్ములకు పసుపు రాశారు, నుదుట బొట్టు పెట్టారు, హారతి ఇచ్చారు. పెద్దమనిషి గుడి నుంచి ఇత్తడి గంట తెప్పించి వాయిస్తున్నాడు. ఫోన్లలో ఫొటోలు తీస్తున్నారు. ఆవు మళ్లీ అరిచింది. "అమ్మ పలుకుతున్నది" అని ఎవరో అన్నారు.

"సారేడి?" అని అడిగాను.

స్నోవీ వాళ్లమ్మ హారతి పళ్లెం నా ముందు పెట్టింది. "ఊరికి పోయిండేమో మేడం. పొద్దుగాల కనవడలేదు. ఆయన అదృష్టం జూడుండ్రి, ఆయన ఇంట్ల లేనప్పుడే అమ్మ వచ్చె."

నా చెయ్యి హారతి మీదికి పోయింది పోయినట్టే ఆగింది. ఏ మాటకైతే ఆ మనిషి భయపడ్డాడో, అక్షరం పొల్లుపోకుండా అదే మాట. నేను గేటు వైపు చూశాను. గేటుకు తాళం వేసి ఉంది. అక్కడున్న అందరూ చూసిన తాళమే అది. తాళం ఉంది కాబట్టి ఊరికి పోయాడనుకున్నారు. ఆ తాళం గేటుకు లోపలి వైపు వేలాడుతోంది. రాత్రి పడుకునే ముందు లోపలి నుంచి వేసుకున్న తాళం.

"గంట ఆపండి" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "తాళం లోపల ఉంది. ఆయన లోపలే ఉన్నాడు. గంట ఆపండి."

గంట ఆగింది. అప్పుడు వినపడింది. ఎంత చిన్న చప్పుడో. లోపల ఎక్కడో, నేల మీద లోహం తగిలినట్టు. ఒకసారి తగిలి, చాలాసేపటికి మళ్లీ తగిలింది. తర్వాత లేదు.

పెద్దమనిషే గోడ దూకాడు. ఆ వయసులో, పంచె ఎగగట్టి, ముళ్లకంచె కాలికి గీసుకుపోయినా చూసుకోకుండా దూకాడు. వాకిట్లో పడి ఉన్న రోకలితో తలుపు పగలగొట్టాడు. కండక్టర్ సారు బాత్రూము గుమ్మంలో పడి ఉన్నాడు. ఒక పక్క చచ్చుబడింది. నోరు పక్కకు పోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. బాగున్న చేతిలో స్టీలు చెంబు ఉంది, దాని అంచు సొట్టలు పడి ఉంది. బాత్రూము కిటికీ గేటు వైపే తెరిచి ఉంది.

ఆ కిటికీని నేను మరిచిపోలేకపోతున్నాను. హారతి పాట, గంట, ఫొటోల కోసం కొంచెం పక్కకు జరగండి అనే మాటలు, ఊరికి పోయిండేమో అనే మాట, అన్నీ ఆ కిటికీలోంచి లోపలికి పోయాయి. ఆయన కొట్టిన చెంబు చప్పుడు ఆవుకు వినపడింది, కుక్కకు వినపడింది. మాకు వినపడకుండా మేము గంట వాయించాము.

అంబులెన్సులో స్నోవీ వాళ్లమ్మ, నేను కూర్చున్నాం. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకొని, "అన్నా, అన్నా" అంటూనే ఉంది. దవాఖాన దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి పట్టు వదిలింది. డాక్టరు చూసి, "తెల్లారంగనే పడినట్టున్నడు. జర ముందు తెస్తే..." అని ఆపేశాడు.

లోపలి నుంచి నర్సు వచ్చి, "పేషంట్ పేరేంది?" అని అడిగింది.

మా వీధివాళ్లం అక్కడ చాలామందిమే ఉన్నాం. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "కండక్టర్ సారు" అన్నాడు పెద్దమనిషి.

"గట్ల కాదు, అసలు పేరు."

మా వీధిలో ఏ కుక్కను ఏ ఇంట్లో ఏమని పిలుస్తారో మాకందరికీ తెలుసు. ఆయన పేరు తెలిసినవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. స్నోవీ వాళ్లమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. తర్వాత ఆయన చొక్కా జేబులోని ఆధార్ కార్డు చూసి నర్సే రాసుకుంది. నాకూ అప్పుడే తెలిసింది. ఇక్కడ మాత్రం రాయను. బతికి ఉన్నప్పుడు ఒక్కసారీ పిలవని పేరును ఇప్పుడు పిలవడానికి నాకు నోరు రాదు.

చర్చివాళ్లు వచ్చారు, మా వీధి మొత్తం వచ్చింది. పెట్టెను మోసినవాళ్లలో గుడి కమిటీ పెద్దమనిషి ముందు ఉన్నాడు. అడ్డు చెప్పగలిగే ముఖం ఎవరికీ లేదు. ఆవు ఆ తర్వాత కూడా పొద్దునపూట ఆ గేటు ముందు ఆగింది. కొన్నాళ్లకు ఆగడం మానేసింది. నల్ల కుక్క కూడా తన పాత చోటికి పోయింది. వాటిని నేను తప్పుపట్టను. పిలవాల్సిన రోజు అవి పిలిచాయి.

తప్పుపట్టేది మమ్మల్నే. ఏడాది తిరగకముందే మా కాలనీలో ఒక కథ పుట్టింది. చర్చికి పోయే మనిషైనా రోజూ గోసేవ చేసేవాడని, అందుకని పోయే పూట గోమాతే స్వయంగా వచ్చి గుమ్మం ముందు నిలబడి స్వర్గానికి తీసుకుపోయిందని. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లకు కూడా చెబుతున్నారు. ఒక బతుకమ్మ నాడు ఆడవాళ్లందరి మధ్యలో ఒకామె ఈ కథ ఎత్తుకుంటే నాకు ఒళ్లు మండిపోయింది. అంతమందిలో నిలబడి అన్నాను, "ఆయనను పైకి తోలుకపోనీకి రాలేదమ్మా అది. మిమ్మల్ని లోపలికి పిలువనీకి వచ్చింది." పాట ఆగిపోయింది. స్నోవీ వాళ్లమ్మ లేచి వచ్చి నా పక్కన నిలబడింది. అంతకంటే ఏమీ చెయ్యలేదు, అది చాలు నాకు.

నేను ఇప్పటికీ నడుస్తాను. ప్రతి కుక్కనూ పలకరిస్తాను, ఆయనంత బాగా రాదు. పలకరించాక ఆ ఇంటివాళ్ల పేరు అడుగుతాను. ఎందుకు అడుగుతున్నావన్నట్టు చూస్తారు. చూడనీ. కొందరు చెబుతారు, కొందరు చెప్పరు. మా వీధిలో సగం మంది పేర్లు ఇప్పుడు నాకు వచ్చు. మిగతా సగం మంది నన్ను చూస్తే లోపలికి పోతారు. కండక్టర్ సారు పోయినప్పటి నుంచి ఆమెకు కొంచెం బుర్ర తిరిగింది అనుకుంటున్నారని నాకు తెలుసు.

పోయిన వారం తెల్లవారుతుండగా పాల ప్యాకెట్ కోసం గేటు తీశాను. గుడి ఆవు నిలబడి ఉంది. సరిగ్గా మా గేటు ముందు కాదు, మా గేటుకూ పక్కింటి గేటుకూ మధ్యలో. తల అటూ ఇటూ కాకుండా గోడ వైపు పెట్టుకొని ఉంది. నన్ను చూసింది గాని కదల్లేదు. ప్యాకెట్ సంగతి వదిలేశాను. లోపలికి పరుగెత్తాను. మా ఆయన గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. దుప్పటి తీసి ఛాతీ మీద చెయ్యి వేశాను. లేస్తోంది, దిగుతోంది. ఆయన కళ్లు తెరిచి, "ఏమైందే?" అన్నాడు. "ఏం కాలే, పడుకో" అన్నాను. ఆయన అటు తిరిగాడు.

మళ్లీ బయటికి వచ్చాను. ఆవు అక్కడే ఉంది. దురద పెట్టి నిలబడిందో, అన్నం కోసం నిలబడిందో, ఊరికే నిలబడిందో నాకు తెలియదు. అమ్రాబాద్ వైపు నుంచి వచ్చిన మా పక్కింటివాళ్లు తలుపులు వేసుకొని ఉన్నారు. వాళ్లు నాకు పేరు చెప్పనివాళ్లలోని మనుషులే. ఊరికి పోయారేమో అన్న మాట నా నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, వాళ్ల గేటు తోసుకొని లోపలికి పోయి, తలుపు తెరుచుకునేదాకా కొడుతూనే ఉన్నాను.